బర్త్ సర్టిఫికెట్‌లో పేరు ఖాళీగా ఉందా?

తల్లిదండ్రులకు నమస్కారం.

తొమ్మిదో తరగతి పిల్లల బర్త్ సర్టిఫికెట్ జిరాక్సులు మొన్న ఒక్కొక్కటే చూస్తుంటే ఒకదాని దగ్గర ఆగిపోయాను. తల్లి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అన్నీ ప్రింటులో ఉన్నాయి. పాప పేరు మాత్రం చేతిరాత. వాళ్ళ నాన్నగారిని అడిగితే, "అక్కడ ఖాళీగా ఉంటే నేనే పెన్నుతో రాశానండీ, తప్పా?" అన్నారు. పాపం, ఆయనకు మోసం చేద్దామన్న ఆలోచనేమీ లేదు. కానీ అలా రాసిన పేరు చెల్లదు. పైగా సర్టిఫికెట్ దిద్దారన్న అనుమానం వస్తుంది.

మన ఇళ్ళలో ఇది మామూలే. పుట్టిన 21 రోజుల్లోపు నమోదు జరగాలి. ఆసుపత్రి వాళ్ళు అంతకన్నా ముందే వివరాలు పంపేస్తారు. బారసాల అప్పటికి అయి ఉండదు, దాంతో పేరు గడి ఖాళీగా ఉండిపోతుంది. నమోదు మాత్రం సక్రమమైనదే. మనం చేయాల్సింది పేరు చేర్పించడం ఒక్కటే.

మన చేతిలోని కాగితం నకలు మాత్రమే, అసలు రికార్డు జనన రిజిస్టరు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 14వ సెక్షన్ ప్రకారం తల్లిదండ్రులో సంరక్షకులో పేరు తెలియజేస్తే, రిజిస్ట్రారు దాన్ని రిజిస్టరులో రాసి, పొట్టి సంతకం చేసి తేదీ వేస్తారు. నమోదైన 12 నెలల్లోపు అయితే రుసుము లేదు. ఆ తరువాత 15 ఏళ్ళ వరకు ఆలస్య రుసుము కట్టి చేర్పించుకోవచ్చు. ఈ గడువును పుట్టిన తేదీ నుంచి కాదు, నమోదు తేదీ నుంచి లెక్కపెడతారు. సర్టిఫికెట్ మీద రెండు తేదీలూ ఉంటాయి, చూసుకోండి. ఈ పాప 2012 మార్చి 3న పుట్టింది, నమోదైంది మార్చి 19న. అంటే 2027 మార్చి వరకే సమయం. పదో తరగతి పరీక్షల హడావుడి కూడా సరిగ్గా అప్పుడే.

ఎక్కడికి వెళ్ళాలన్న దగ్గర చాలామంది పొరబడతారు. పాప వాళ్ళ నాన్నగారు ముందు ఇక్కడి ఆఫీసుకే వెళ్ళి ఒక పూట పోగొట్టుకున్నారు. కాన్పు జరిగింది అమ్మమ్మగారి ఊళ్ళో. రిజిస్టరు అక్కడిదే. బిడ్డ ఎక్కడ పుడితే అక్కడి రిజిస్ట్రారే పేరు చేర్చాలి. పల్లెటూరైతే పంచాయతీ కార్యదర్శిని, పట్టణమైతే మున్సిపాలిటీలో జనన మరణాల విభాగాన్ని అడగండి. పాత రిజిస్టరు పై ఆఫీసుకు వెళ్ళిపోయి ఉంటే, మీరు రాసిచ్చిన దరఖాస్తును వాళ్ళే అక్కడికి పంపాలి. అందుకని నోటిమాటతో సరిపెట్టుకోకుండా రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోండి. అసలు సర్టిఫికెట్, తల్లిదండ్రుల ఆధార్ వెంట ఉంచుకోండి. స్కూలు నుంచి బోనఫైడ్ అడిగితే మేము ఇస్తాం.

దరఖాస్తు రాసే ముందు ఇంట్లో కూర్చుని ఒక మాట అనుకోండి. ఖాళీ గడిలో పేరు చేర్చడం సులువు. ఒకసారి చేర్చాక మార్చడం వేరే సంగతి. అది 15వ సెక్షన్ కింద దిద్దుబాటు అవుతుంది, తప్పు పడిందని ఆధారాలు చూపించాలి. "మనసు మారింది" అంటే ఒప్పుకోరు. ఈ పాప ఇంట్లోనూ అదే తిరకాసు. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది, మా అడ్మిషన్ రిజిస్టరులో పూర్తిగా ఉంది. పేరులోని ‘శ్రీ’కి ఇంగ్లీషులో ఒక చోట రెండు ఈలు, ఇంకో చోట ఒక ఐ. చివరికి స్కూల్లో ఉన్న పేరునే ఖాయం చేసుకున్నారు, ఎందుకంటే పదో తరగతి మెమోలోకి వెళ్ళేది అదే. ఇంటిపేరు ముందా వెనకా అన్నది కూడా అప్పుడే తేల్చేసుకున్నారు. మీరూ తెలుగులో, ఇంగ్లీషులో రెండు విధాలా పెద్ద అక్షరాలతో రాసివ్వండి. టైపు చేసేవారికి ఊహించే పని పెట్టకండి.

కొత్త సర్టిఫికెట్ చేతికి రాగానే కౌంటరు దగ్గరే ప్రతి అక్షరం సరిచూసుకోండి. నమోదు సంఖ్య, నమోదు తేదీ పాతవే ఉండాలి, పేరు ఒక్కటే కొత్తగా రావాలి. నమోదు తేదీ మారిపోయి ఉంటే రెండోసారి కొత్తగా నమోదు చేశారేమో అడగండి. ఒకే బిడ్డకు రెండు నమోదులు ఉండకూడదు.

2023 అక్టోబరు 1న లేదా ఆ తరువాత పుట్టిన పిల్లలకు స్కూలు అడ్మిషన్‌కైనా, మరెన్నో పనులకైనా పుట్టిన తేదీ రుజువు బర్త్ సర్టిఫికెట్టే. ఇంట్లో చిన్నవాళ్ళుంటే వాళ్ళవి కూడా ఇవాళే తీసి చూడండి. ఖాళీ గడి కనిపిస్తే పెన్ను మాత్రం తీయకండి. జిరాక్సు పట్టుకుని ఏ శనివారమైనా మధ్యాహ్నం నా గదికి రండి, దరఖాస్తు కలిసి రాద్దాం.

మీ
ప్రధానోపాధ్యాయురాలు