బిల్లు మీద ఉన్న పైసాని దిద్దమని మిమ్మల్ని ఎవరడిగారు?

కస్టమర్ కేర్ విభాగాధిపతి గారికి,

విషయం: ఫోటో తీసిన బిల్లులోని పన్ను అంకెలను మీ యాప్ మార్చేయడం, అడిగినందుకు 19 రోజులుగా నన్ను మీ సిబ్బంది తిప్పుకోవడం.

అయ్యా / అమ్మా,

ఈ ఉత్తరం కాగితం మీద రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపిస్తున్నాను. చాట్‌లో రాస్తే "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం" అని అర సెకనులో జవాబొస్తోంది. అంత తొందరగా చింతించేవాళ్ళని నేనింతవరకు చూడలేదు. కాగితం అయితే కనీసం కవరు చించడానికైనా ఒక మనిషి కావాలి కదా.

నేను తెనాలిలో 14 దుకాణాలకు లెక్కలు రాస్తాను. కిరాణా, హార్డ్‌వేర్, ఒక మందుల షాపు. మూడేళ్ళుగా మీ యాప్‌కు ఏడాది చందా కడుతున్నాను. బిల్లు ఫోటో తీస్తే అందులోని పన్ను పట్టికను పేరు పేరునా వరుసలుగా విడగొట్టి ఇస్తుందన్నారు, అందుకే కట్టాను. నన్ను చూసి మా వీధిలో ఇంకో ఇద్దరు అకౌంటెంట్లు కూడా చేరారు. వాళ్ళకు చెప్పింది నేనే. ఇప్పుడు ఎదురుపడితే వాళ్ళు నా మొహం వంక అదోలా చూస్తున్నారు.

జరిగింది చిన్న సంగతే. అందుకే మొదట్లో నాకు కోపం రాలేదు. గుంటూరు హోల్‌సేల్ నుంచి మా కిరాణా దుకాణానికి వచ్చిన బిల్లు అది. సన్‌ఫ్లవర్ నూనె, బట్టల సబ్బు పొడి. బిల్లు అడుగున సరుకుల హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ల వారీగా పన్ను పట్టిక ఉంది, నూనెకు 1512, సబ్బు పొడికి 3402. ఫోటో తీశాను. మీ యాప్ ఇచ్చిన వరుసల్లో నాకు గొడవ తెచ్చినవి ఇవి:

```
Taxable Value (1512): 18342.3
Taxable Value (3402): 6271.19
CGST Total: 1022.97
SGST Total: 1022.97
Total Tax: 2045.93
Round Off: 0.43
Grand Total: 26659.85
```

బిల్లు మీద అచ్చులో ఉన్నవి ఇవి:

```
Taxable Value (1512): 18,342.30
Taxable Value (3402): 6,271.19
CGST Total: 1,022.97
SGST Total: 1,022.97
Total Tax: 2,045.94
Round Off: (-)0.43
Grand Total: 26,659.00
```

మీవాళ్ళెవరూ ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు. ఆ మాట నేనెంత ధీమాగా అంటున్నానో కింద చదివితే మీకే తెలుస్తుంది.

మొదటి రోజు చాట్‌లో ఒకమ్మాయి వచ్చింది. కెమెరా లెన్స్ తుడవమంది. తుడిచాను. వెలుతురులో తీయమంది. డాబా ఎక్కి ఎండలో తీశాను. కాగితం మడత లేకుండా పరవమంది. నాలుగు మూలలా నాలుగు తూకపు రాళ్ళు పెట్టి తీశాను. మూడుసార్లూ అదే 2045.93. అమ్మా, ఫోటో మసకగా ఉంటే 4 చూసి 9 అనుకోవచ్చు, 3 చూసి 8 అనుకోవచ్చు, అది ఒప్పుకుంటాను. కానీ మసక వల్ల వచ్చే తప్పు ఒక్కో ఫోటోకి ఒక్కోలా ఉంటుంది. మూడు ఫోటోల్లోనూ ఒకే చోట ఒకే ఒక్క పైసా తగ్గిందంటే అది చూపులో లోపం కాదు, ఎవరో లోపల కూర్చుని లెక్క కడుతున్నారు. ఇదే రాశాను. "మీ ఫీడ్‌బ్యాక్‌కు ధన్యవాదాలు" అని చాట్ మూసేసింది.

నాలుగో రోజు ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. నా ఫోన్ మోడల్ అడిగాడు. ఎప్పుడు కొన్నానో అడిగాడు. పెళ్ళిచూపుల్లో కూడా నన్నిన్ని ప్రశ్నలు అడగలేదు. చివరికి "సార్, అది ఎక్సెల్ ప్రాబ్లెమ్, మా ప్రాబ్లెమ్ కాదు" అన్నాడు. ఎక్సెల్‌లో తెరిస్తే చివరి సున్నా ఎగిరిపోతుందని నాకూ తెలుసు బాబూ, ఈ పనిలో తల నెరిసింది. అందుకే మీ ఫైలును ముందు నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూశాను. అక్కడ ఎవరూ దేన్నీ మార్చరు, ఉన్నది ఉన్నట్టే కనిపిస్తుంది. అక్కడా 18342.3 అనే ఉంది. అంటే సున్నా మీ ఇంట్లోనే పోయింది, దారిలో కాదు. ఇది చెప్పగానే "ఒక్క నిమిషం సార్" అని హోల్డ్‌లో పెట్టాడు. పదకొండు నిమిషాలు సన్నాయి విన్నాను. తర్వాత లైన్ కట్.

ఏడో రోజు మళ్ళీ మొదటి నుంచి. ఇంకో ఆయన, మళ్ళీ ఫోన్ మోడల్, మళ్ళీ లెన్స్. పాత టిక్కెట్ చూడండి నాయనా అంటే "మాకు పాత టిక్కెట్లు కనపడవు సార్" అన్నాడు. మా కిరాణా షాపులో పదేళ్ళ నాటి అప్పు ఖాతా కూడా అడిగిన వెంటనే తీసి చూపిస్తారు.

పన్నెండో రోజుకి నన్ను "సీనియర్" దగ్గరికి పంపారు. ఆయన గొంతులోనే కుర్చీ వినిపించింది. "సార్, జీఎస్టీ చట్టంలోనే రౌండింగ్ ఉంది కదా, సెక్షన్ 170 చూడండి, ఒక పైసాకి ఇంత టెన్షన్ ఎందుకు" అన్నారు. నా వృత్తి నాకే నేర్పారు, సంతోషం. సెక్షన్ 170 చెప్పేది కట్టాల్సిన పన్నునో, తిరిగి రావాల్సిన సొమ్మునో దగ్గరి రూపాయికి సర్దమని. గుంటూరు వ్యాపారి తన బిల్లు మీద అచ్చేసిన అంకెను మధ్యలో మూడో మనిషి దిద్దొచ్చని అందులో ఎక్కడా లేదు.

ఆ పైసా ఎక్కడ పోయిందో చెప్తాను, మీ సీనియర్‌కు పనికొస్తుంది. సబ్బు పొడి విలువ 6,271.19. దాని మీద సీజీఎస్టీ 9 శాతం కడితే 564.4071. బిల్లులో 564.41 అని సర్దుతారు. ఎస్‌జీఎస్టీ కూడా అంతే, 564.41. రెండూ కలిపితే 1,128.82. బిల్లు మీద ఉన్నది అదే. మీ యాప్ ఏం చేసిందంటే, ఒకేసారి 18 శాతం కట్టింది. 1,128.8142 వచ్చింది, 1,128.81 చేసింది. దానికి నూనె మీది పన్ను 917.12 కలిపి 2,045.93 అంది. చదవమని ఇస్తే లెక్క కట్టి కూర్చుంది. పోనీ తన లెక్కయినా తాను చూసుకుందా అంటే, అదే కాగితం మీద రెండు వరుసల పైన 1022.97, 1022.97 అని రాసింది. ఆ రెండూ కూడితే 2,045.94. తన మాట తనకే పొసగలేదు, అయినా ఎర్రగీత లేదు, హెచ్చరిక లేదు.

ఇక రౌండాఫ్. బిల్లులో బ్రాకెట్లో మైనస్ పెట్టి 43 పైసలు తగ్గించారు. మీ యాప్ బ్రాకెట్‌ను చెత్త అనుకుని ఊడ్చేసింది, మైనస్ కూడా దాంతోపాటే పోయింది. తగ్గాల్సిన 43 కలిసింది కాబట్టి తేడా 86 పైసలు. అందులో పన్నులో పోయిన పైసా తీసేస్తే 85. మీ మొత్తం చివర్న ఉన్న .85 అక్కడిది. ఇది తేల్చడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది, ఎందుకంటే నేను ఒక తప్పు కోసం వెతికాను, ఉన్నవి రెండు.

ఒక పైసాకి పోర్టల్ నన్నేమీ అనదు, నిజమే. నా బాధ వేరు. నెలనెలా 14వ తేదీకి జీఎస్‌టీఆర్-2బీ వస్తుంది. అందులో అమ్మినవాడు చూపిన పన్నూ, మా పుస్తకంలోని పన్నూ అంకెకి అంకె సరిచూస్తాను. 20వ తేదీలోపు 3బీ రిటర్న్ వేయాలి. ఆ ఆరు రోజుల్లో సరిపోలని వరుస ఒక్కటి వచ్చినా అది పైసానో, మొత్తం బిల్లే తప్పో కాగితం తీసి చూస్తే తప్ప తెలియదు. 14 దుకాణాల కాగితాలు తీయాలి. కాగితం తీయకుండా ఉండడానికే కదా మీకు డబ్బులిచ్చింది!

పదహారో రోజున నా ఫోన్‌కు మెసేజ్. "మీ సమస్య పరిష్కరించబడింది. మా సేవకు రేటింగ్ ఇవ్వండి." అప్పుడే అదే బిల్లు మళ్ళీ ఫోటో తీశాను. 2045.93. ఎవరు పరిష్కరించారు, దేన్ని? అది అడగడానికి ఫోన్ చేస్తే "టిక్కెట్ క్లోజ్ అయింది సార్, కొత్తది పెట్టుకోండి" అన్నారు. ఈ ఉత్తరం ఆ మాటకు పుట్టింది. పైసాకి పుట్టలేదు.

నేనడిగేది అద్భుతమేమీ కాదు. అచ్చులో ఏముందో అదే అక్షరంగా దించండి. దాన్ని సంఖ్యగా మార్చొద్దు. మారిస్తేనే చివరి సున్నా రాలిపోతుంది, 2.50% కాస్తా 2.5 అవుతుంది. కామా, సున్నా, బ్రాకెట్, మైనస్ అన్నీ ఉన్నచోటే ఉండనివ్వండి. మీకు లెక్క కట్టాలన్న దురద ఉంటే కింద వేరే వరుసలో కట్టుకోండి, "అచ్చులో ఇది, మా కూడికలో ఇది" అని. సరిపోకపోతే చెప్పండి, దిద్దకండి. ఒక్కోసారి తప్పు వ్యాపారి బిల్లులోనే ఉంటుంది. దాన్ని మీరు నిశ్శబ్దంగా సరిచేస్తే, ఆ తప్పు నా కంటపడేది 2బీ వచ్చాకే. అంకె కనపడకపోతే ఆ చోటు ఖాళీగా వదలండి, ఊహించి నింపొద్దు.

వచ్చే 14వ తేదీలోపు పాత టిక్కెట్లన్నీ చదివిన మనిషి ఒకరు నాకు ఫోన్ చేయాలి. చేయకపోతే మిగిలిన చందా వెనక్కి ఇవ్వండి. అదీ లేదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, ఆపైన వినియోగదారుల కమిషన్. వ్యాపారానికి వాడినవాడు వినియోగదారు కాడని మీ లాయరు అంటారేమో. సొంతంగా పని చేసుకుని పొట్టపోసుకునేవాడికి 2019 చట్టంలో మినహాయింపు ఉంది, చూసుకోమనండి. నా దగ్గర ఉద్యోగులు లేరు. నేనూ, నా కళ్ళజోడూ.

బిల్లు జిరాక్సు, మీ యాప్ ఇచ్చిన ఫైలు అచ్చు, మీవాళ్ళు ఫోన్ చేసిన తేదీలు, సమయాలు రాసిన కాగితం జత చేశాను. సన్నాయి విన్న పదకొండు నిమిషాలు కూడా అందులో రాశాను.

ఇట్లు,
మూడేళ్ళ మీ చందాదారు,
తెనాలి.