201920 అనే సంవత్సరం గురించి మా కస్టమర్లకు

"మీ దగ్గర చేయించిన ఫైలులో మాటలు మధ్యలో గీతలతో విరిగిపోయాయి, పేరాలు ముక్కలయ్యాయి. 2019-20 అని ఉండాల్సిన చోట 201920 అని ఉంది. ఎందుకిలా?"

ద్వారకానగర్‌లో పీడీఎఫ్‌ల నుంచి టెక్స్ట్ తీసిచ్చే మా షాపుకు మొదటి నుంచీ వస్తున్న ఒక సహకార సంఘం కార్యదర్శి గారు, తమ వార్షిక నివేదిక చూసుకుని అడిగిన ప్రశ్న ఇది. ఇంకొందరు కూడా ఇదే అడిగారు కనుక అందరికీ కలిపి చెబుతున్నాను.

పీడీఎఫ్‌లో మనకు కనిపించే పేరా చాలాసార్లు కంటికి మాత్రమే పేరా. ఏ అక్షరం పేజీలో ఎక్కడ పడాలన్నదే ఫైలులో రాసి ఉంటుంది. ఈ వరుస కింది వరుసలోకి కొనసాగుతోందని ఎక్కడా ఉండదు. ట్యాగులతో తయారైన ఫైళ్లలో ఆ సమాచారం ఉంటుంది గానీ మా దగ్గరికి అలాంటివి అరుదుగా వస్తాయి. పేజీ కూర్చినప్పుడు చోటు చాలక మాటను విరిచి పెట్టిన హైఫన్ కూడా మామూలు హైఫన్‌లాగే అచ్చవుతుంది. అందుకే టెక్స్ట్ బయటికి తీస్తే ప్రతి వరుస చివరా ఎంటర్ పడుతుంది, విరిచిన గీత అలాగే మిగులుతుంది.

వీటిని అతికించే పని మేము బయట ఒకరికి ఇచ్చేవాళ్లం. ఫిర్యాదు చేస్తే "పీడీఎఫ్‌లో ఎలా ఉందో అలాగే ఇచ్చాం" అన్నారు. ఆ మాట నాకు గుచ్చుకుంది. పీడీఎఫ్‌లో 2019-20 అని స్పష్టంగా ఉంది మరి! పట్టుబట్టి, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో వాళ్లు వాడే సూత్రం తెప్పించుకున్నాను.

```
re.sub(r'(\w)-\n(\w)', r'\1\2', s)
```

రోగమంతా ఇందులోనే ఉంది. వరుస చివర హైఫన్‌కు అటూ ఇటూ `\w` ఉంటే, అంటే మాటలో భాగమయ్యే గుర్తు ఉంటే, గీత తీసేసి కలిపేయమని దాని అర్థం. `\w`లో అంకెలూ చేరతాయి. నివేదికలో "2019-" ఒక వరుస చివర, "20" తర్వాతి వరుస మొదట పడ్డాయి, అతుక్కుపోయాయి. పైథాన్ `re`లో తెలుగు గుణింతపు గుర్తులూ, అక్షరం పక్కన పెట్టే సున్నా మాత్రం `\w` కిందికి రావు. అందువల్ల "విశాఖ-" తర్వాతి "పట్నం" చక్కగా కలిసింది, "ప్రభుత్వాని-" తర్వాతి "కి" విడిగా ఉండిపోయింది. తలకట్టుతో ముగిసిన ముక్కలే కలిశాయి. ఇంగ్లిషు కోసం రాసిన సూత్రాన్ని తెలుగు మీద రుద్దితే ఇంతే.

వాళ్లను మానేయాలా వద్దా అని చాలా రోజులు నలిగాను. వాళ్ల రేటు తక్కువ, పని వేగం. సూత్రం మార్చమంటే "ఇంతవరకూ ఎవరూ అడగలేదు" అన్నారు. ఇక చాలనిపించింది. ఇప్పుడు ఈ పని షాపులోనే జరుగుతోంది.

ముందు పేజీ నంబర్లు, పేజీ పైన మళ్లీ మళ్లీ వచ్చే శీర్షికలు తీసేస్తాం. లేకపోతే పేజీ దాటిన వాక్యం మధ్యలో అవి ఇరుక్కుంటాయి. తర్వాత అసలు పేరాలు ఎక్కడ మొదలవుతున్నాయో పీడీఎఫ్ పక్కన పెట్టుకుని గుర్తు పెడతాం. ఖాళీ వరుస, జరిగి మొదలైన వరుస, పూర్ణవిరామంతో సగంలోనే ఆగిన వరుస, ఇవే ఆనవాళ్లు. ఆ తర్వాతే హైఫన్ల సంగతి. రెండు వైపులా తెలుగే ఉంటేనే కలుపుతాం, అంకెల మధ్య ఉంటే గీత ఉంచి వరుస మాత్రమే కలుపుతాం. "తల్లి-తండ్రి" లాంటి జంట వరుస చివర విరిగితే, అదే ఫైలులో ఇంకోచోట వరుస మధ్యన ఎలా ఉందో వెతికి చూస్తాం. చివరగా మిగిలిన ఎంటర్లను ఖాళీలుగా మారుస్తాం. ఈ పనుల క్రమం తారుమారైతే "ప్రభుత్వాని- కి" అని మిగులుతుంది.

ఇంట్లో వర్డ్‌లో చేసుకునేవారు పేరా మొదట్లో @@ పెట్టుకోండి. Find and Replaceలో `-^p`, అంటే హైఫన్ వెంటనే ఎంటర్ ఉన్న చోట్లు, వెతికి ఒక్కొక్కటే చూసి దిద్దండి, Replace All జోలికి పోకండి. తర్వాత `^p` అన్నిటినీ ఒక్కో స్పేస్‌గా, @@ను `^p`గా మార్చండి. అయ్యాక హైఫన్ పక్కన ఖాళీ ఎక్కడైనా ఉందేమో, ఆరంకెల సంఖ్యలు కొత్తగా పుట్టాయేమో వెతకండి.

ఇకపై ఫైలు అందడానికి మునుపటి కంటే ఒక రోజు ఎక్కువ పడుతుంది. ఇప్పటికే ఒప్పుకున్న పనులకు పాత రేటే. పాడైన ఫైళ్లు తెస్తే డబ్బు తీసుకోకుండా మళ్లీ చేసిస్తాం.

ఒక చిక్కు మాత్రం తీరలేదు. చాలా తెలుగు పుస్తకాల్లో హైఫన్ పెట్టకుండానే మాటను విరుస్తారు. అక్కడ "సము", "ద్రం" రెండు మాటలో ఒక మాటో ఏ సూత్రమూ చెప్పలేదు. మనిషే చదవాలి. మాకూ తేలనివి ఊహించి కలపం, పసుపు రంగు వేసి మీకే వదిలేస్తాం.