ఎల్‌ఓఆర్ అడిగే ముందు ఒకసారి చూడండి

ఫ్రెండ్స్, యూనివర్సిటీ అప్లికేషన్‌కి మన ప్రొఫెసర్ రాసిచ్చే రికమెండేషన్ లెటరే ఎల్‌ఓఆర్. దానికోసం "సార్, ఎల్‌ఓఆర్ కావాలి" అని ఒక్క లైన్ మెయిల్ పెట్టి ఊరుకోకండి, రెండేళ్ల కిందటి క్లాసులో మనమెవరో ఆయనకేం గుర్తుంటుంది! నేను డెడ్‌లైన్‌కి నాలుగు వారాల ముందే అడిగి, ఒక పేజీ సమ్మరీ జత చేశాను. ఆయన దగ్గర ఏ సెమిస్టర్‌లో ఏ సబ్జెక్ట్ చదివానో, ఎంత గ్రేడ్ వచ్చిందో, ప్రాజెక్టులో నా వంతు పని ఏమిటో రాశాను. "ప్రాజెక్ట్ బాగా చేశాను" అని కాదు, "నలుగురి టీమ్‌లో సెన్సర్ డేటా కోడ్ నాది, మొదటి రివ్యూలో మీరు తప్పుడు రీడింగులు పట్టుకున్నాక మళ్లీ రాశాను" అని. ఆ రివ్యూ సంగతి చూడగానే సార్‌కి నేను గుర్తొచ్చాను.

సీజీపీఏ ఎలాగూ మెమోలో ఉంటుంది, దాని గురించే సాగదీయకండి. అప్లికేషన్‌లో సార్ కాలేజీ మెయిలే ఇవ్వండి, కొన్ని యూనివర్సిటీలు జీమెయిల్ ఒప్పుకోవు.