రూపాయి వడ్డీ అన్నారు, రూపాయి డెబ్బై ఏడు పైసలు తీసుకుంటున్నారు

కర్నూలు

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

మీ కంపెనీలో నాకు పర్సనల్ లోన్ ఉంది. అంతకుముందు మీ దగ్గరే బైక్ లోన్ తీసుకుని, ఒక్క చెక్కు కూడా బౌన్స్ కాకుండా తీర్చాను. మా కాలేజీలో పనిచేసే ఇద్దరికి మీ పేరు చెప్పి పంపింది కూడా నేనే. అలాంటి ఖాతాదారుణ్ణి ఒక ప్రశ్న అడిగినందుకు మీవాళ్లు నెలల తరబడి తిప్పుతున్నారు. నా వడ్డీ ఎంత అనేదే ఆ ప్రశ్న. దానికి ఇప్పటివరకు ఎవరూ జవాబు చెప్పలేదు.

2025 జనవరిలో మీ ఎగ్జిక్యూటివ్ మా ఇంటికి వచ్చి, "సార్, ఏడాదికి పన్నెండు శాతం, అంటే నూటికి రూపాయి వడ్డీ. బయట రెండు రూపాయలకు తక్కువ ఎవరిస్తారు?" అన్నాడు. రూపాయి వడ్డీ అంటే మా జిల్లాలో చదువు రానివాళ్లకు కూడా తెలుసు. నూటికి నెలకు రూపాయి. అసలులో కొంత కడితే, ఆ కట్టిన దాని మీద వడ్డీ ఆగిపోతుంది. ఆ నమ్మకంతోనే రెండు లక్షలు తీసుకున్నాను. మూడేళ్లు, 36 వాయిదాలు, నెలకు 7,556 రూపాయలు. అసలు ఎంత తీరినా మొత్తం రెండు లక్షల మీదే వడ్డీ వేసే ఫ్లాట్ రేటు అనే మాట ఆ రోజు అతని నోట రాలేదు.

ఏడాది వాయిదాలు కట్టాక, చేతికి కొంత డబ్బు వస్తే లోన్ మూసేద్దామని ఫోర్‌క్లోజర్ లెటర్ అడిగాను. అందులో అసలు ఇంకా 1,46,757 రూపాయలు ఉందని వచ్చింది. అప్పటికి 90,672 రూపాయలు కట్టాను. మరి అసలు తగ్గింది 53 వేలేనా అని అడగడానికి మీ బ్రాంచికి వెళ్లాను. అక్కడి అమ్మాయి కంప్యూటర్ చూసి "సిస్టమ్‌లో అంతే ఉంది సార్" అంది. సిస్టమ్ ఎలా లెక్క వేసిందమ్మా అంటే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయమంది. కస్టమర్ కేర్ హిందీలో మొదలుపెట్టి, తెలుగువాళ్లకు కలుపుతామని పాట వినిపించి, చివరికి బ్రాంచిలోనే అడగమంది. మళ్లీ వెళితే మేనేజర్ గారు నన్ను నిలబెట్టే "మీరే కదా సంతకం పెట్టింది" అన్నారు. నాకు లోన్ ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ ఎక్కడ అంటే ఉద్యోగం మానేశాడట. మెయిల్ పెడితే టికెట్ నంబరు వచ్చింది. ఆ తర్వాత ఎవరూ మాట్లాడకుండానే "మీ సమస్య పరిష్కారమైంది" అని మెసేజ్ వచ్చి టికెట్ మూసుకుపోయింది. మళ్లీ తెరిపిస్తే మళ్లీ మూసేశారు. నేనేమైనా దానం అడుగుతున్నానా? నా డబ్బు లెక్క నాకు చెప్పమంటున్నాను.

మీరు చెప్పలేదు కాబట్టి నేనే వేసుకున్నాను. రెండు లక్షల మీద పన్నెండు శాతం, మూడేళ్లకు 72,000. దాన్ని అసలుకు కలిపి 36తో భాగించారు. 7,556 అలా వచ్చింది. అంటే మొదటి నెల నుంచి చివరి నెల దాకా వడ్డీ పూర్తి రెండు లక్షల మీదే. నేను మాత్రం ప్రతి నెలా అసలులో కొంత తిరిగి ఇస్తూనే ఉంటాను. ఆ లెక్కన చివరి వాయిదా నాటికి నా దగ్గర మిగిలే అసలు 5,556 రూపాయలే, కానీ ఆ నెల కూడా 2,000 వడ్డీ వసూలు చేస్తారు.

నిజమైన రేటు తెలుసుకోవడానికి మా అబ్బాయి కంప్యూటర్‌లో ఎక్సెల్ తెరిచి ఇది కొట్టాడు:

```
=RATE(36,-7556,200000)*12
```

21.2 శాతం అని వచ్చింది. నెలకు నూటికి రూపాయి డెబ్బై ఏడు పైసలు. మీరు ముందే కోసుకున్న ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ కలిపి 4,720 తీసేస్తే నా ఖాతాలో పడింది 1,95,280. రెండు లక్షల చోట ఆ అంకె పెడితే రేటు దాదాపు 23 శాతం. ఫీజు పక్కన పెట్టి ఇంకో రకంగా చూసినా ఆ 21.2 శాతమే తేలుతుంది. మూడేళ్లలో సగటున నా దగ్గర ఉండే మీ డబ్బు లక్షా పదమూడు వేలు. దాని మీద ఏడాదికి 24,000 తీసుకుంటున్నారు. తగ్గే అసలు మీద పన్నెండు శాతమే అయితే వాయిదా 6,643 రూపాయలు. మూడేళ్లలో తేడా దాదాపు 33 వేలు.

నాకు నిజంగా కోపం తెప్పించింది ఇది. లోన్ ఇచ్చేటప్పుడు ఫ్లాట్ రేటు చూపి పన్నెండు అన్నారు. ఆ మాట ప్రకారమే పోతే ఏడాదికి అసలులో 66,667 తీరి, మిగలాల్సింది 1,33,333. కానీ మూసే రోజు వచ్చేసరికి మీ సిస్టమ్ 21.2 శాతంతో తగ్గే అసలు లెక్క వేసింది. ఆ లెక్కలో మొదటి వాయిదాలోనే వడ్డీ 3,533, అసలు 4,000 చిల్లర. మొదట్లో వడ్డీ ఎక్కువ, అసలు తక్కువ పోతుంది కాబట్టి ఏడాదిలో 37 వేలకు పైగా వడ్డీకే పోయింది. అంటే నిజమైన రేటు మీకు మొదటి నుంచీ తెలుసు. మీ కంప్యూటర్‌లో ఉన్న ఆ అంకె నాకు మాత్రం చెప్పలేదు. ముందే మూసేవాడికి ఇక్కడే ఇంకో 13,424 రూపాయల దెబ్బ.

ఫ్లాట్ రేటుకు అప్పివ్వడమే నేరమని నేను అనడం లేదు. కానీ 2024 అక్టోబరు 1 నుంచి ఇచ్చే ప్రతి రిటైల్ లోన్‌కూ, ఒప్పందానికి ముందే కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. ఫీజులన్నీ కలిపిన వార్షిక రేటు, నెలవారీ వాయిదాల పట్టిక అందులో ఉండాలి. అది అప్పు తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో ఉండాలి, వివరించి చెప్పాలి. నాకు అలాంటి కాగితం ఇవ్వలేదు. బ్రాంచిలో అడిగితే స్వాగతం పలికే లెటర్ ఒకటి ప్రింట్ తీసి చేతిలో పెట్టారు.

ఆ స్టేట్‌మెంట్ నాకు ఏ రోజు, ఏ భాషలో ఇచ్చారో రుజువుతో రాతపూర్వకంగా చెప్పండి. అది లేకపోతే 1,33,333కే లోన్ మూసి, నో డ్యూ సర్టిఫికెట్ ఇవ్వండి. ఫోన్‌లో కాదు, టికెట్ నంబరుతో కాదు, సంతకం ఉన్న లెటర్‌తో. జవాబిచ్చేది లెక్క తెలిసిన మనిషి అయి ఉండాలి. తెలుగులో రాయండి.

30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు పెడతాను. అక్కడితో ఆగను. కర్నూలు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు కూడా వెళతాను. మీ ఫోర్‌క్లోజర్ లెటర్, నా బ్యాంకు స్టేట్‌మెంట్, మీరు మూసేసిన టికెట్ల మెసేజ్‌లు అన్నీ ఫైలు చేసి పెట్టుకున్నాను. నేను పంపిన ఆ ఇద్దరికీ వాళ్ల లోన్ల లెక్క వేసి చూపించాను. వాళ్లు కూడా మీకు రాస్తున్నారు.

ఇట్లు,
మీ పాత ఖాతాదారుడు,
కర్నూలు

జతపరచినవి: ఫోర్‌క్లోజర్ లెటర్ నకలు, ఏడాది వాయిదాలు కట్టిన బ్యాంకు స్టేట్‌మెంట్