కొత్త అపార్ట్‌మెంట్ ప్రారంభ సభ: చెల్లింపుల విషయం

సభ్యులందరికీ నమస్కారం. నిన్న విజయనగరంలో జరిగిన ప్రారంభ సభలో సేల్స్ ఏజెంటు గారు రైల్వే స్టేషనుకు ఎంత దూరమో, లిఫ్టు, జనరేటరు, పిల్లల పార్కు ఎక్కడ వస్తాయో గోడమీది ప్లాను చూపిస్తూ చక్కగానే వివరించారు గానీ, చెల్లింపుల దగ్గర మనం నిదానించాలి.

50 లక్షల ఫ్లాటుకు బుకింగ్ రోజునే 20 శాతం, అంటే 10 లక్షలు కట్టమన్నారు. ఇళ్లు కొనేవారి రక్షణ కోసం ఉన్న రెరా చట్టం 13వ సెక్షన్ ప్రకారం అమ్మకపు ఒప్పందం రాసి రిజిస్టరు చేయకముందు 10 శాతానికి, అంటే ఇక్కడ 5 లక్షలకు మించి తీసుకోకూడదు. ఈ మాట అడిగితే ఆయన, ఒప్పందం సంగతి తర్వాత చూద్దామని దాటవేశారు. దయచేసి ఎవరూ తొందరపడి చెక్కు ఇవ్వకండి. ముందు ఒప్పందం ముసాయిదా అడిగి, అందులో ఫ్లాటు లోపల మనం వాడుకునే చోటు, అంటే కార్పెట్ ఏరియా ఎంతో, ఏ శ్లాబు పూర్తయ్యాక ఏ వాయిదా కట్టాలో చూసుకోండి.