అమ్మ మోకాలి విషయంలో అండగా నిలిచినవారికి కృతజ్ఞతలు

మా అమ్మకు కుడి మోకాలు అరిగింది. ఆపరేషన్ తప్పదని బంధువులంతా తేల్చేశారు. ఆ తొందరకు లొంగకుండా ముందు చేయాల్సినవి చేయించిన హనుమకొండ ఎముకల డాక్టరుగారికీ, వ్యాయామాలు నేర్పిన ఫిజియోథెరపిస్టు అమ్మాయికీ, మా ఆవిడకూ కృతజ్ఞతలు. ఉత్త ధన్యవాదాలతో సరిపెట్టకుండా, వాళ్లు చేసిందేమిటో కూడా రాస్తున్నాను.

అమ్మకు అరవై మూడేళ్లు. మాది పరకాల దగ్గర పల్లె. ఏళ్ల తరబడి నేల మీద బాసింపట్టు వేసుకుని బీడీలు చుట్టింది. బరువు 76 కిలోలు, పైగా షుగర్ ఉంది. డాక్టరుగారు మా చేతిలోని ఎక్స్‌రే పక్కన పెట్టి, నిలబెట్టి మళ్లీ తీయించారు. పడుకోబెట్టి తీస్తే శరీర బరువు కీలు మీద పడదు కాబట్టి ఎముకల మధ్య సందు ఎంత తగ్గిందో సరిగా తెలియదట. లోపలి వైపు సందు బాగా తగ్గింది. అయినా ఆయన ఫిల్ము చూసి నిర్ణయం చెప్పలేదు. రాత్రి నొప్పికి నిద్ర లేస్తున్నారా, ఎంత దూరం నడవగలరు, కాలు పూర్తిగా చాపగలరా అని అడిగారు, చాపించి చూశారు.

అమ్మకు కావలసింది ఇంజెక్షన్. పక్కింటావిడకు ఒక్కదానితో తగ్గిందని పట్టు. మోకాలు వాచి వ్యాయామం మొదలుపెట్టడానికే వీల్లేకుండా ఉంది కనుక డాక్టరుగారు ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. దాని ఫలితం కొన్ని వారాలే ఉంటుందనీ, పదేపదే వేస్తే మృదులాస్థి మరింత అరిగే అవకాశం ఉందనీ ముందే చెప్పారు. "నొప్పి తగ్గిన ఈ వారాల్లోనే తొడ కండరం గట్టిపడాలి, లేకపోతే ఇది వృథా" అన్నారు. కొన్ని రోజులు షుగర్ పెరుగుతుందని హెచ్చరించి రోజుకు రెండుసార్లు చూడమన్నారు. రెండో రోజు 310 చూపించింది. ముందే తెలియకపోతే బెంబేలెత్తేవాళ్లం. వారంలోపే మామూలుకు వచ్చింది. మరొకరు చెప్పిన, మన రక్తం నుంచే తయారుచేసి వేసే పీఆర్‌పీ ఇంజెక్షన్ గురించి అడిగితే, అంత డబ్బుకు తగ్గ ఆధారాలు లేవని ఆపేశారు.

ఇక ఆ ఫిజియోథెరపిస్టు అమ్మాయి. "పెద్దమ్మా" అని పిలుస్తూ మంచం మీదే మొదలుపెట్టించింది. మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందికి నొక్కి ఐదు సెకన్లు ఆపడం, అలా పదిసార్లు. తర్వాత కాలు వంచకుండా జానెడు ఎత్తు లేపడం. కొన్ని వారాలకు ఎత్తయిన కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం. రెండో వారంలో నొప్పి పెరిగిందని అమ్మ మానేస్తానంది. ఆ అమ్మాయి ఒక కొలత చెప్పింది: చేసేటప్పుడు కొంచెం నొప్పి ఉన్నా పరవాలేదు, మర్నాటికల్లా తగ్గిపోవాలి. మర్నాడు నొప్పిగానీ వాపుగానీ ఎక్కువైతే సంఖ్య సగం చేయాలి, మానకూడదు. అలాగే చేశాం. రెండు నెలలు గడిచేసరికి అమ్మ హనుమకొండ బస్సు మెట్లు తనంతట తానే ఎక్కింది. చేతికర్రను నొప్పి లేని ఎడమ వైపు పట్టించిందీ ఆ అమ్మాయే. దారిలో కనిపించిన ప్రతివారూ "తప్పు చేతిలో పట్టావు" అని దిద్దబోయారు, అమ్మ వినలేదు.

బరువు సంగతి మా ఆవిడ చూసుకుంది. ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలిపై దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుందని డాక్టరుగారు చెప్పిన లెక్క ఆమెకు నచ్చింది. రాత్రి అన్నం బదులు జొన్న రొట్టె పెట్టింది, పగలు అన్నం తగ్గించి కూర పెంచింది. తిండి మారాక షుగర్ బాగా పడిపోయే ప్రమాదం ఉంటుందని మాత్రల మోతాదు కూడా డాక్టరుతో సరిచేయించింది. ఆరు నెలల్లో అమ్మ 70 కిలోలకు వచ్చింది. మోకాలు కొత్తదేమీ కాలేదు, అరిగింది అరిగినట్టే ఉంది. కానీ నిద్ర పడుతోంది, బజారుకు నడిచి వెళ్లొస్తోంది.

ఆపరేషన్ అసలే వద్దని డాక్టరుగారు ఎప్పుడూ అనలేదు. ఇదంతా కొన్ని నెలలు సరిగా చేశాక కూడా నొప్పి నిద్ర చెడగొడుతున్నా, నడక ఇంటి గుమ్మానికే పరిమితమైనా, కాలు విల్లులా వంగుతున్నా, పూర్తిగా చాపలేకపోయినా కీలు మార్పిడి సర్జన్ దగ్గరకు తానే రాసి పంపుతానన్నారు. అప్పుడు ఆపరేషన్‌కు ముందు మూడు నెలల్లో మోకాలిలో స్టెరాయిడ్ వేయించుకోకూడదట, ఇన్ఫెక్షన్ ముప్పు ఉంటుందని. మోకాలు ఒక్కసారిగా ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే మాత్రం ఇవేవీ ఆలోచించకుండా అదే రోజు ఆసుపత్రికి రావాలన్నారు.

మా పెద్దమ్మను ఆయనకే చూపించాం. ఆమె కాలు అప్పటికే బాగా వంగిపోయింది, రాత్రిళ్లు ఏడుస్తోంది. ఇంజెక్షన్ల మాటే ఎత్తకుండా నేరుగా సర్జన్‌కు చీటీ రాసిచ్చారు. ఆమె తరఫున కూడా ఆయనకు కృతజ్ఞతలు. మరుగుదొడ్డిలో ఎత్తు కమోడ్ పెట్టి, పక్కన పట్టుకోవడానికి కడ్డీ బిగించిన మా మేస్త్రీకి కూడా. ఆయన కూలి తీసుకోలేదు.