ఆలయ వెబ్‌సైట్ నిర్మాణానికి విరాళాల విజ్ఞప్తి

చిత్తూరు పట్టణంలోని మన ఆలయ భక్తులకు, శ్రేయోభిలాషులకు కమిటీ తరఫున నమస్కారములు.

ఆలయ సేవల వివరాలను, విరాళాల స్వీకరణను ఒకే చోటికి తెచ్చే వెబ్‌సైట్ పనిని 2026 ఆగస్టు 3న ప్రారంభించి, దసరా నవరాత్రులకు ముందే సెప్టెంబరు 28న సైట్‌ను భక్తులకు అందుబాటులోకి తేవాలని కమిటీ తీర్మానించింది. మొత్తం ఖర్చు 1,60,000 రూపాయలు. ఈ మొత్తం ఒకేసారి అవసరం లేదు గానీ, ఏ విడత ఏ తేదీకి అందాలన్నది పనుల వరుసను బట్టి ఉంటుంది కనుక ఆ వరుసను దాతల ముందు ఉంచుతున్నాము.

వెబ్‌సైట్ అనగానే అందరి దృష్టీ రంగుల మీదకు, ఫొటోల మీదకు పోతుంది. నిజానికి ఈ ఎనిమిది వారాలలో ఎక్కువ కాలం పట్టేది విరాళాలు స్వీకరించే పేమెంట్ గేట్‌వే అనుమతికి. గేట్‌వే సంస్థ దరఖాస్తును పరిశీలించే ముందు మన సైట్‌లో చిరునామా, గోప్యతా విధానం, సొమ్ము వాపసు నిబంధనలు ఉన్న పేజీలు తెరిచి చూస్తుంది. ఆ పేజీలు ఉండాలంటే సైట్ పేరైన డొమైన్, పేజీలను ఉంచే హోస్టింగ్ ముందుగా కొని ఉండాలి. అందుచేత మొదటి వారంలోనే ఆ రెండింటినీ ఏ ఒక్క సభ్యుడి పేరునా కాకుండా ట్రస్టు పేరుతోనే తీసుకుని, రెండో వారంలో ఆ పేజీలు మాత్రం పెట్టి, ఆగస్టు 17న దరఖాస్తు చేస్తాము. పరిశీలనకు రెండు వారాలు, వారు అడిగే వివరణలకు మరో వారం కేటాయించాము.

ఇక్కడ పని ఆగేది సాధారణంగా పేరు దగ్గరే. ట్రస్టు డీడులో ‘శ్రీ’తో మొదలయ్యే పేరు పాన్ కార్డులో ‘శ్రీ’ లేకుండానో, బ్యాంకు ఖాతాలో ఇంగ్లీషు అక్షరం ఒకటి తేడాగానో ఉంటే దరఖాస్తు తిరిగి వస్తుంది. ఈ తేడా దరఖాస్తు చేశాక బయటపడితే, పాన్ సవరణకు పట్టే కాలం కలిపి సెప్టెంబరు 7 నాటికి రావలసిన అనుమతి నెలాఖరుకు జరుగుతుంది. అప్పుడు పరీక్షలకు వ్యవధి చాలదు, విరాళాల పేజీ లేకుండానే సైట్ తెరవవలసి వస్తుంది. అందుకని డీడు, పాన్, క్యాన్సిల్డ్ చెక్కు పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూసే బాధ్యతను కోశాధికారి గారు జూలైలోనే పూర్తి చేస్తారు.

డిజైన్ సంగతి అంత కచ్చితం కాదు, వారం ఆలస్యమైనా ముగింపు తేదీ కదలదు. అయినా ఆగస్టు 22 శనివారం సమావేశంలో ఆమోదించి, అభ్యంతరాలను 25వ తేదీ వరకే లిఖితపూర్వకంగా స్వీకరిస్తాము. ఆ తరువాత ఎవరెంత మంచి సూచన చేసినా సైట్ తెరిచిన తరువాతే పరిశీలిస్తాము.

సేవల పట్టిక, రుసుములకు ఆమోదం సెప్టెంబరు 5న. స్థలపురాణం పాత సావనీరులో ‘అను’ అనే పాత తరహా ఫాంట్లలో టైపు చేసి ఉంది. దానిని యూనికోడ్‌లోకి మార్చకపోతే ఫోనులో అర్థంకాని గుర్తులే కనిపిస్తాయి, మార్చినప్పుడు వత్తులు కొన్నిచోట్ల తారుమారవుతాయి. అందువలన అర్చకస్వామి శ్లోకాలతో సహా అంతా చదివి సంతకం చేసిన పాఠాన్నే సైట్‌లో పెడతారు. సెప్టెంబరు 14న వినాయక చవితి. ఆ రోజు మొదలయ్యే కాణిపాకం బ్రహ్మోత్సవాల సేవకు మన సభ్యులలో చాలామంది వెళతారు కనుక ఆ వారంలో ఏ ఆమోదాన్నీ పెట్టుకోలేదు.

సెప్టెంబరు 21 నుంచి పరీక్షలు. నిజమైన ఒక్క రూపాయిని యూపీఐతో, కార్డుతో పంపి, రశీదులో దాత పేరు సరిగా వచ్చిందా, సొమ్ము బ్యాంకు ఖాతాకు చేరిందా అని చూస్తాము. సొమ్ము చేరడానికి రెండు మూడు పనిదినాలు పడుతుంది కనుక ఈ పరీక్షను చివరి రోజుకు వదలలేము. తుది ఆమోదం 26న. ట్రస్టుకు విదేశీ విరాళాల నమోదు లేనందున విదేశీ కార్డులను సైట్ అంగీకరించదు; విదేశాలలోని భక్తులు దయచేసి గమనించగలరు.

ఇక విడతలు. నిర్మాణ ఒప్పందపు బయానా, డొమైన్, హోస్టింగ్‌లకు కలిపి 63,000 రూపాయలు జూలై 31 లోగా కావాలి. డిజైన్ ఆమోదం నాటి చెల్లింపుకు, టైపింగు, ఫొటోలకు 61,000 రూపాయలు ఆగస్టు 22 నాటికి, మిగిలిన 36,000 రూపాయలు సెప్టెంబరు 26 నాటికి కావాలి. మొదటి విడత ఆలస్యమైతే పైన చెప్పిన దరఖాస్తు కూడా అన్ని రోజులూ వెనక్కు పోతుంది గనుక, ఇవ్వదలచిన వారు వీలైతే ఆ విడతకే ఇవ్వవలసిందిగా కోరుతున్నాము.

విరాళాలను ఆలయ కార్యాలయంలో ఉదయం పూజానంతరం చెక్కు ద్వారా గాని, నగదుగా గాని చెల్లించి, ఏ విడతకు ఇస్తున్నారో రాయించుకుని రశీదు పొందగలరు. ప్రతి ఆమోదం తరువాత అయిన ఖర్చు వివరాలను కార్యాలయం నోటీసు బోర్డులో ఉంచుతాము.

ఇట్లు,
ఆలయ కమిటీ, చిత్తూరు